అప్‌డేట్: ఐగెన్ వెక్టర్ గ్రాఫ్ పేపర్ మీద దొరికింది

అప్పుడు నేను ఇక్కడ అడిగిన ప్రశ్న: "det(A − λI) = 0 వేసి λ కనుక్కోవడం వచ్చు. కానీ ఐగెన్ వెక్టర్ బొమ్మలో ఎక్కడుంటుంది?"

మీరు చెప్పినట్టే, మ్యాట్రిక్స్‌తో గుణించినా దిక్కు మారని వెక్టర్ ఏదో చూద్దామని గ్రాఫ్ పేపర్ తీసుకుని [[2, 1], [1, 2]]తో మొదలుపెట్టాను. (1, 0) వెళ్లి (2, 1) దగ్గర పడింది, అంటే దిక్కు మారింది. (1, 1) మాత్రం (3, 3) అయింది: అదే గీత మీద మూడింతలు సాగింది. (1, −1) అసలు కదల్లేదు. ఐగెన్ విలువలు 3, 1. వృత్తం గీసి చూస్తే అండాకారమైంది, దాని పొడవు (1, 1) వైపే ఉంది. చాలా సంతోషమేసింది.

తర్వాతే పొరబడ్డాను. పొడవు ఎటుంటే ఐగెన్ వెక్టర్ అటే అనుకుని [[1, 1], [0, 1]] తీసుకున్నాను. పేకముక్కల కట్టను పక్కకి తోసినట్టు వృత్తం వాలింది, పొడవు దాదాపు 32 డిగ్రీల దగ్గర వచ్చింది. కానీ ఆ దిక్కులో ఉన్న వెక్టర్‌ని మ్యాట్రిక్స్‌తో గుణిస్తే 21 డిగ్రీలకి వాలిపోయింది! అక్కడ దిక్కు మారనిది అడ్డగీత (1, 0) ఒక్కటే, λ = 1. మొదటి మ్యాట్రిక్స్ సిమెట్రిక్ కాబట్టే నా లెక్క కుదిరింది.

90 డిగ్రీలు తిప్పే [[0, −1], [1, 0]] కూడా చూశాను. ప్రతి గీతా తిరిగిపోతుంది, ఏదీ మిగలదు. λ² + 1 = 0కి వాస్తవ మూలాలు ఎందుకు లేవో ఇప్పుడు కంటికి కనిపిస్తోంది.