«చూసుకున్నాను» అంటే నర్సు ఏం చేసినట్టు?

పద్మజ: మా ఆడపడుచు కూతురు ఐసీయూలో స్టాఫ్ నర్సు. క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ పీజీకి అప్లికేషన్ పెడుతోంది. అందులో తన పని గురించి, ఈ కోర్సు ఎందుకన్న దాని గురించి 120 మాటల్లో రాయాలి. తను తెలుగులో రాసిచ్చింది, ఇంగ్లీషులోకి మార్చే పని నాది. రాసింది ఇదీ:

«నాలుగేళ్ళుగా ఐసీయూలో రోగులను చూసుకుంటున్నాను. వెంటిలేటరు కేసులు, షాక్ కేసులు మేము బాగా హ్యాండిల్ చేశాం. చిన్నప్పటి నుంచి సేవాభావం మెండు. పీజీ చేసి ఇంకా బాగా సేవ చేయాలని నా ఆశయం.»

«చూసుకుంటున్నాను» దగ్గరే ఆగిపోయాను. దీనికి గట్టి మాట ఏదైనా ఉందా?

రామశాస్త్రి: ఉందమ్మా, శుశ్రూష. «రోగులకు శుశ్రూష చేశాను» అని రాయించండి. సేవ అనే అర్థంలో ఇంతకన్నా నిండైన మాట లేదు. సుశ్రూష అని మాత్రం రాయనివ్వకండి, తప్పు.

వెంకట్: స్పెల్లింగు మాట నిజమే శాస్త్రిగారూ. కానీ శుశ్రూషకి మొదటి అర్థం సేవ కాదు, వినాలనే కోరిక. శ్రు ధాతువు నుంచి వచ్చింది. గురువు చెప్పేది వినడానికి దగ్గరే ఉండి సేవ చేయడం నుంచి, సేవ అనే అర్థం తర్వాత స్థిరపడింది. అయినా పద్మజగారి ఇబ్బంది మాట బరువు గురించి కాదనుకుంటా. చూసుకోవడం అన్నా శుశ్రూష అన్నా ఆ అమ్మాయి ఏం చేసిందో తెలియదు.

స్టెల్లా: నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను, ఇలాంటివి దిద్దుతూనే ఉంటాను. ఆసుపత్రిలో మనం మాట్లాడే తెలుగు వినండి. «డాక్టరుగారు చూశారు», «నర్సు చూసుకుంటోంది» అంటాం. చూడటం అంటే పరీక్షించి నిర్ణయం చెప్పడం. «కొను» చేరగానే అది కనిపెట్టుకుని ఉండే పని అయిపోతుంది. రోగి పక్కన కూర్చున్న తమ్ముడూ చూసుకుంటాడు, ఆయమ్మా చూసుకుంటుంది. అందుకే ఎంపిక చేసేవాళ్ళకి ఆ క్రియ ఏమీ చెప్పదు. ఈ కోర్సుకి కావలసిన అనుభవం ఏడాదే, అదీ క్రిటికల్ కేర్‌లో అయితే మేలు. నాలుగేళ్ళు అన్న అంకెతో అర్హత తేలిపోతుంది కానీ, ఆ నాలుగేళ్ళలో ఏం చేసిందో క్రియలే చెప్పాలి.

లక్ష్మి: మా అమ్మాయి నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎమ్ చేసింది, ఆరేళ్ళ అనుభవం ఉంది. ఇదే రాసి పెట్టొచ్చా?

స్టెల్లా: లక్ష్మిగారూ, జీఎన్ఎమ్‌తో నేరుగా పీజీకి కుదరదమ్మా. ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు చేయాలి. ఆ తర్వాత ఈ మాటలు పనికొస్తాయి.

పద్మజ: మరి «మేము హ్యాండిల్ చేశాం» సంగతేంటి? మర్యాదగా ఉందనుకున్నాను.

వెంకట్: మర్యాదే. పదిమంది చేసిన పనిని నేను అనడానికి మనకి నోరు రాదు. కానీ ఈ కాగితంలో ఆ «మేము»లో ఎవరి వాటా ఎంతో తేలదు. దీనికన్నా ప్రమాదం «మందు ఇవ్వబడింది» తరహా వాక్యం. అందులో కర్తే మాయమైపోతాడు. తెలుగులో ఇంకో సదుపాయం ఉంది. చేశాను, చేయించాను అని రెండూ విడివిడిగా ఉన్నాయి. గొంతులో కఫం లాగే సక్షన్ తనే చేసిందా, కొత్త నర్సు చేత చేయించిందా అన్నది ఒక్క ప్రత్యయంతో తేలిపోతుంది.

స్టెల్లా: ఆ తేడా ఇంగ్లీషులో నిలబెట్టాలి, పద్మజగారూ. చాలామంది అనువాదంలో రెంటినీ కలిపేస్తారు. ఇంటర్వ్యూలో «మీరే చేశారా?» అని అడిగితే తడబడతారు. నర్సు పనిలో సగం ఈ క్రియలే కదా: కూర్చోబెట్టడం, నడిపించడం, పక్కకి తిప్పడం. ఒక షాక్ కేసు తీసుకుని, ఏ గంటకి ఏం చూసింది, ఎవరికి చెప్పింది, ఏం మార్చింది అని అమ్మాయిని అడగండి. రోగి పేరు, ఊరు, పడక నంబరు వద్దు.

పద్మజ: అడిగాను. ఇన్‌ఫెక్షన్ వల్ల షాక్‌లోకి వెళ్ళిన మనిషి, 60 కిలోలు. రాత్రి రెండింటికి మ్యాప్, అంటే సగటు రక్తపోటు, 58. అంతకుముందు రెండు గంటలుగా మూత్రం గంటకి 20 మిల్లీలీటర్లే. డ్యూటీ డాక్టరుకి చెప్పింది. రక్తపోటు పెంచే మందు నార్‌అడ్రినలిన్ డోసు పెంచి మ్యాప్ 65కి తెచ్చారట. «నేను డోసు పెంచాను» అని రాయొచ్చా అంటోంది.

స్టెల్లా: 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. అంటే రక్తపోటు పడేలోపే మూత్రం హెచ్చరించింది, తను దాన్ని పట్టుకుంది. ఈ కథకి ప్రాణం అక్కడుంది, డోసులో కాదు. ఇక «పెంచాను» అంటారా, 65 దాకా పెంచుకుంటూ వెళ్ళమని డాక్టరు రాసిన ఆర్డరు ఉంటే ఆ మాట కూడా కలిపి రాయాలి. ఆర్డరు ప్రస్తావన లేకుండా ఒట్టి «పెంచాను» అంటే హద్దు దాటినట్టు వినిపిస్తుంది. «డాక్టరు పెంచారు» అంటే తను పంపు దగ్గర చేసింది పోతుంది.

వెంకట్: «కనిపెట్టాను» అంటే? మన భాషలో ఈ మాటకి రెండు వైపులా పదునుంది. కనిపెట్టుకుని ఉండటం అంటే కాచుకుని ఉండటం, కనిపెట్టడం అంటే పసిగట్టడం. ఐసీయూ నర్సు పని ఈ రెండే.

స్టెల్లా: నాకూ ఇష్టమే. బైబిల్లో «యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము» అని కీర్తనల్లో చదువుతాం, అందుకే మాకు ఆ మాట చెవికి దగ్గర.

రామశాస్త్రి: ఒప్పుకోను. ఇవాళ చదివేవాడికి కనిపెట్టడం అంటే కొత్త యంత్రం తయారు చేయడమే. «గమనించాను» చాలు.

వెంకట్: గమనించడంలో కాపలా లేదు కదండీ. ఒక్కసారి కంటపడినా గమనించడమే.

పద్మజ: అది మీ ఇద్దరూ తేల్చండి. నాకు «సేవాభావం» ఇంకా మిగిలే ఉంది.

స్టెల్లా: దాన్ని తీసేయండి. ప్రతి అప్లికేషన్లోనూ ఉంటుంది, ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు. తనకి ఎక్కడ చేత కాలేదో అది రాయించండి. ఎందుకు చదవాలనుకుంటోందో అందులోనే ఉంటుంది. బ్లడ్ గ్యాస్ రిపోర్టు చదవగలదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని చెప్పగలదు. దానికి వెంటిలేటరులో ఏ సెట్టింగు ఎందుకు మారుస్తారో వాదించగలదా?

పద్మజ: లేదట. «రిపోర్టు చెబుతాను, తర్వాత వాళ్ళు మారుస్తుంటే చూస్తూ నిలబడతాను» అంది.

స్టెల్లా: అదే రాయాలి. ఆ వాక్యంలో «చూస్తూ» అన్నది ఎంత బాగా కుదిరిందో!

పద్మజ: ఇదిగో, మళ్ళీ రాయించాను:

«నాలుగేళ్ళుగా 12 పడకల మెడికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. వెంటిలేటరు మీద ఉన్న ఒక రోగి బాధ్యత షిఫ్టు అంతా నాదే. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతాను, ట్యూబు కఫ్ ఒత్తిడి కొలుస్తాను, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాను. షాక్‌లో ఉన్న ఒక రోగికి మూత్రం తగ్గడం రక్తపోటు పడకముందే కనిపెట్టి, పడగానే డాక్టరుకి తెలియజేశాను. ఆయన రాసిన ఆర్డరు ప్రకారం మ్యాప్ 65 చేరేదాకా నార్‌అడ్రినలిన్ పెంచాను. బ్లడ్ గ్యాస్ రిపోర్టు చదవగలను. దాన్ని బట్టి వెంటిలేటరు ఎలా మార్చాలో తర్కించలేను. అది నేర్చుకోవడానికే ఈ కోర్సు.»

స్టెల్లా: «పడగానే» దగ్గర ఒక్కసారి ఆగండి. మూత్రం రెండు గంటలు తగ్గి ఉంటే అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఒంటి గంటకే చెప్పిందేమో చార్టు చూసుకోమనండి. చెప్పి ఉంటే ఆ గంట వేయాలి. చెప్పకపోతే «రక్తపోటు పడకముందే కనిపెట్టి» అన్న ముక్క తీసేయాలి.

రామశాస్త్రి: తీసేస్తే నా గొడవా తీరుతుంది. ఉంచితే మాత్రం «గమనించి» అనే నా ఓటు.

పద్మజ: తను నైట్ డ్యూటీలో ఉంది. పొద్దున చార్టు చూసి చెబుతానంది.