లంచ్ కాంబోలో మిగిలేదంతా 11వ ప్లేటుకే పోతోంది, ఏం చేయాలి?

40 సీట్ల హోటల్ మాది. ప్లేట్ మీల్స్, ఆమ్లెట్, మజ్జిగ విడివిడిగా 155 రూపాయలు. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు మూడూ కలిపి 126కి కాంబో పెట్టాం. 5% జీఎస్టీ పోతే 120, సరుకు ఖర్చు 48, అంటే ప్లేటుకు మిగిలేది 72. కాంబోకు ఒకటి చొప్పున కార్డు మీద 10 స్టాంపులు పడితే 11వ ప్లేటు ఫ్రీ.

కాగితం మీద బాగానే ఉంది. కానీ రెండు వారాలు బిల్లులు చూస్తే రోజుకు 45 కాంబోల్లో 30 పాతవాళ్లవే. వాళ్లు విడిగా కొన్నప్పుడు ప్లేటుకు దాదాపు 100 మిగిలేది, ఇప్పుడు 28 తగ్గింది. అలా 840 పోతుంటే కొత్తవాళ్ల 15 ప్లేట్లతో 1080 వస్తోంది. తేడా 240. కార్డులన్నీ నిండితే ఫ్రీ ప్లేట్లకే 216 (ప్లేటుకు 4.80)!

ఫ్రీ భోజనం బదులు రెండు గులాబ్ జామూన్లు ఇచ్చి చూశాం, కార్డు తెచ్చేవాళ్లే కరువయ్యారు. స్టాంపు సోమ–గురువారాలకే పరిమితం చేసినా లాభం లేదు, కార్డులు నింపేది పాతవాళ్లే.

కాంబో ధర కదపకుండా, కార్డు ఖర్చు ప్లేటుకు 2 రూపాయలు దాటకుండా, జనం నిజంగా ఆశపడే బహుమతి మీ హోటల్లో ఏది పనిచేసింది?