ఈ వెండి లాకెట్ ఆర్ట్ నూవోదా, ఆర్ట్ డెకోదా?

పోయిన నెల వియన్నాలో పాత సామాన్ల సంతలో ఒక వెండి లాకెట్ కొన్నాను. అమ్మినాయన ఆర్ట్ డెకో అన్నాడు కానీ, చూసేకొద్దీ నాకు అనుమానం పెరుగుతోంది.

నాకు తెలిసి 1900 ప్రాంతంలో నడిచిన నూవో శైలిలో గీత కొరడా ఝళిపించినట్టు వంపులు తిరుగుతుంది, అందులో తూనీగలు, తీగలు, జుట్టు విరబోసుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు, ఆ శైలిలో పేరున్న ఫ్రెంచ్ నగల కళాకారుడు రెనే లాలిక్ అయితే వజ్రాల కంటే కొమ్ము, ఒపల్, ఎనామెల్‌నే ఎక్కువ ఇష్టపడ్డాడు. 1920ల డెకోలో గీత తిన్నగా, మెట్లు మెట్లుగా ఉంటుంది, ప్లాటినం పక్కన నల్లటి ఓనిక్స్ రాయి పెడతారు.

నా లాకెట్ రెండింటికీ మధ్యలో ఉంది. చట్రం నలుచదరం, ఎడమా కుడీ అచ్చం ఒకేలా ఉన్నాయి, లోపల మాత్రం ఆకుల కొసలు మెత్తగా వంగి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నీలం ఎనామెల్, కింద వేలాడే చిన్న ముత్యం. ఓనిక్స్ లేదు. కొన్ని నూవో నగల్లో ఎనామెల్ గుండా వెలుతురు కనిపిస్తుంది కదా, దీన్ని దీపానికి ఎదురుగా పెట్టినా వెలుతురు దూరడం లేదు, వెనక వెండి రేకు ఉంది.

నలుచదరం కాబట్టి డెకో అనేద్దామంటే, 1903లో వియన్నాలో మొదలైన వీనర్ వెర్క్‌స్టెట్ అనే కళాకారుల సంస్థ వాళ్లు నూవో రోజుల్లోనే చదరాలు గీశారు కదా! ఇలాంటప్పుడు గీతను నమ్మాలా, బొమ్మనా, లోహాన్నా?

ఇంకోటి, కొక్కెం మీద అరిగిపోయిన తల ముద్ర ఒకటుంది. అది ఆస్ట్రియా వెండి మీద 1922 దాకా కొట్టిన డయానా దేవత తల ముద్ర అయితే డెకో అనడం కష్టమే, కానీ కొక్కెం తర్వాత మార్చి ఉండొచ్చు కూడా. అతుకు చూసి అది ఎలా కనిపెట్టాలో ఎవరైనా చెప్తారా?