అప్‌డేట్: గ్రూప్-2 సొంత ప్రిపరేషన్, ఆదివారం రివ్యూ టెన్షన్

నా పాత ప్రశ్న: "ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి సొంతంగా చదువుతున్నాను. ఆదివారం లెక్క చూస్తే టార్గెట్‌లో సగం కూడా అవ్వట్లేదు. మిగిలింది వచ్చే వారం మీద పడి నీరసం వస్తోంది. ఏం చేయాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు చదువు దారిన పడింది.

బాగా పనిచేసింది గంటలు కాదు, జవాబులు లెక్కపెట్టమన్న సలహా. పాలిటీలో ప్రాథమిక హక్కులు తీసుకుని, "రోజుకు రెండు గంటలు" బదులు "పుస్తకం మూసి పాత పేపర్ల ప్రశ్నలు 20" అని రాసుకున్నాను. ఆదివారం అరగంట కూర్చుని తప్పులు మాత్రమే చూస్తాను. బాగా వచ్చనుకున్న రిట్ల దగ్గరే మార్కులు పోతున్నాయని అలా బయటపడింది. 32వ ఆర్టికల్ కింద సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుల కోసమే రిట్లు ఇస్తుంది, 226 కింద హైకోర్టు ఇతర హక్కులకూ ఇవ్వగలదు. ఈ తేడా ప్రతిసారీ తారుమారయ్యేది. దాంతో తర్వాతి వారం టార్గెట్ అదొక్కటే పెట్టుకున్నాను.

ప్లాన్ ఐదు రోజులకే వేసి శనివారం ఖాళీగా ఉంచడం కూడా కలిసొచ్చింది. మిగిలింది ఆ రోజు చూస్తాను. అప్పటికీ అవ్వకపోతే కొట్టేసి, వచ్చే వారం కోటా తగ్గిస్తాను.

యాప్ మార్చినా, తెల్లవారుజామున 4కి లేచినా తేడా ఏమీ రాలేదు. ఆఫీసులో నెలాఖరు పని ఉన్న వారం మాత్రం ఈ పద్ధతీ సాగదు. అప్పుడు కొత్త పాఠం ముట్టుకోను, పాత తప్పులే తిరగేస్తాను.