399 ప్లాన్‌కి 706 బిల్లు ఎందుకు వచ్చింది?

కోదాడ మిత్రుడు: 20వ తేదీన నా నంబరు ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకున్నా. ప్లాన్ 399. మొదటి బిల్లు 706 రూపాయల 23 పైసలు! అదనంగా ఏమీ వాడలేదు. మళ్లీ ప్రీపెయిడ్‌కి పోనా?

రామవరప్పాడు: మోసం అండీ. మా అబ్బాయిక్కూడా షార్జాలో దిగగానే ఇలాగే వేలల్లో బిల్లు వేశారు.

పాత బిల్లింగ్ చేయి: షార్జాది రోమింగ్ గొడవ, వేరే సంగతి. కోదాడ గారూ, మీ బిల్లు 5వ తేదీన వచ్చిందా? అలాగైతే 20 నుంచి బిల్లు తేదీ దాకా సగం నెల అద్దె 199.50, దానికి రాబోయే నెల అద్దె 399 ముందుగానే కలిపారు. మొత్తం 598.50. దాని మీద 18 శాతం జీఎస్టీ 107.73. లెక్క సరిపోయింది. బిల్లులో "అడ్వాన్స్ రెంటల్" అనో, అలాంటిదో ఒక లైను ఉంటుంది, చూడండి. వచ్చే నెల నుంచి 470.82 వస్తుంది. ప్రీపెయిడ్ రేటులో పన్ను కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌లో పైన పడుతుంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

కోదాడ మిత్రుడు: 5నే వచ్చింది. మరి క్రెడిట్ లిమిట్ 1500 అని మెసేజ్ వచ్చింది, అంతవరకూ ఫ్రీయా?

పాత బిల్లింగ్ చేయి: ఫ్రీ కాదు, మీకిచ్చిన అప్పు హద్దు. కట్టని బిల్లూ, ప్లాన్ దాటి వాడిందీ కలిపి ఆ అంకె దగ్గరికొస్తే హెచ్చరిక వస్తుంది, దాటితే అవుట్‌గోయింగ్, డేటా ఆపేస్తారు. గడువు ఇంకా ఉన్నా సరే. ఊరు వెళ్లే ముందు యాప్‌లో కొంత కట్టేస్తే హద్దు మళ్లీ తెరుచుకుంటుంది. షార్జా అబ్బాయి విషయంలో మాత్రం రోమింగ్ ప్యాక్ లేకుండా డేటా ఆన్‌లో ఉంటే ఈ హద్దు గంటల్లో నిండుతుంది.

సూర్యాపేట టీచర్: ప్రీపెయిడే మేలు. 28 రోజులకి 349 వేస్తే చాలు, ఏడాదికి 12 సార్లు.

పాత బిల్లింగ్ చేయి: 13 సార్లు మాస్టారూ! 4,537 అవుతుంది. 470.82ని 12తో గుణిస్తే 5,649.84. అయినా మీదే చవక, ఒప్పుకుంటా. నెలకోసారి అదే తేదీకి వచ్చే రీఛార్జ్ కూడా ఉండాలని 2022లో ట్రాయ్ చెప్పింది, అడిగి చూడండి.

సూర్యాపేట టీచర్: రీఛార్జ్ మరిచిపోతే నంబరు పోతుందా? మా నాన్నగారి బ్యాంకు ఓటీపీలన్నీ దానికే.

పాత బిల్లింగ్ చేయి: 90 రోజులు అసలు వాడకపోతేనే రద్దు చేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అది కోసుకుని మరో 30 రోజులు ఉంచుతారు. కానీ ఇన్‌కమింగ్ అంతకంటే ముందే ఆగవచ్చు, అందుకే ఓటీపీల కోసం నాన్నగారికి ఏడాది వ్యాలిడిటీ ప్లాన్ వేయించండి. పోస్ట్‌పెయిడ్ ఆయనకెందుకు? ఆఫీసు బిల్లు చూపించాల్సినవాళ్లకీ, ఇంట్లో నలుగురికీ ఒకే బిల్లు కావాలనుకునేవాళ్లకీ అది బాగు.

రామవరప్పాడు: మరి వేరే కంపెనీకి పోర్ట్ అయితే ఆ బాకీ ఎగ్గొట్టొచ్చుగా?

పాత బిల్లింగ్ చేయి: గడువు దాటిన బిల్లు ఉంటే పోర్టింగే ఒప్పుకోరు.

కోదాడ మిత్రుడు: రెండో బిల్లు వచ్చాక చూసి చెప్తా. 470 దాటితే మళ్లీ ఇక్కడికే వస్తా.