బ్యూటడైయీన్ కంటే అల్లైల్‌కే డీలోకలైజేషన్ ఎనర్జీ ఎందుకు ఎక్కువ?

హ్యూకెల్ పద్ధతిలో లెక్క వేశాను. అల్లైల్ కేటయాన్‌లో రెండు ఎలక్ట్రాన్లూ ψ1లో ఉంటాయి, మొత్తం 2α + 2.828β. ఒక ఇథిలీన్ వాటా 2α + 2β తీసేస్తే 0.828β మిగిలింది. బ్యూటడైయీన్‌కు 4α + 4.472β. రెండు ఇథిలీన్లవి తీసేస్తే 0.472β మాత్రమే! కార్బన్లు పెరిగితే లాభం తగ్గడమేమిటి?

నాకు తోచింది ఇదీ: బ్యూటడైయీన్ ψ2లో నోడ్ సరిగ్గా C2–C3 మధ్య పడుతుంది. ψ1 అక్కడ ఇచ్చిన 0.724 బాండ్ ఆర్డర్‌లో ψ2 0.276 లాగేసుకుని 0.447 మిగులుస్తోంది. అల్లైల్‌లోనైతే ψ2 నోడ్ మధ్య కార్బన్ మీదే ఉంది, ఎనర్జీ α. అందుకే అందులో ఎలక్ట్రాన్లు పెట్టినా (రాడికల్, ఆనయాన్) అదే 0.828β వస్తోంది.

ఈ తేడాకు నోడ్ స్థానమే అసలు కారణమా? లేక రెండు సమాన రెజొనెన్స్ రూపాలు ఉండటమా? రెండూ ఒకటేనా? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి.