మినహాయింపులకు కారణం రాయాలంటే "స్థిరమైన విన్యాసం" అన్న ఒక్క ముక్క చాలా?

పుత్తూరు_ఫస్టియర్
మూలకాల వర్గీకరణ చాప్టర్‌కి షార్ట్ నోట్స్ రాస్తున్నా. ట్రెండ్స్ అర పేజీలో అయిపోయాయి, మినహాయింపులే ఎనిమిది పేజీలు పట్టాయి. తీరా చూస్తే ప్రతి దానికీ "స్థిరమైన విన్యాసం వల్ల" అనే రాసున్నా. మొదటి అయనీకరణ శక్తి వరకైనా ఒక పేజీకి కుదించేదెట్లా? కారణం పోకూడదు.

తిరుచానూరు_తేజ
అంత చించుకోవాల్సిందేం లేదు తమ్ముడూ. బెరీలియంలో 2s నిండింది, నైట్రోజన్‌లో 2p సగం నిండింది. నిండినా స్థిరమే, సగం నిండినా స్థిరమే. అందుకే వాటి తర్వాత వచ్చే బోరాన్, ఆక్సిజన్ దగ్గర విలువ పడిపోతుంది. రెండు లైన్లు, అయిపోయింది.

పాత_ల్యాబ్_కోటు
తేజ చెప్పింది మార్కులకు సరిపోతుంది. కానీ "స్థిరం" అనేది జరిగినదానికి మనం పెట్టుకున్న పేరు, కారణం కాదు. అందుకే నీకు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

రాయడం ఆపి ఒక గ్రాఫ్ షీటు తీసుకో. అడ్డంగా లిథియం నుంచి నియాన్ వరకు ఎనిమిది చుక్కలు, నిలువుగా ఒక సెంటీమీటరుకు 100 కిలోజౌల్స్. విలువలు వరసగా 520, 899, 801, 1086, 1402, 1314, 1681, 2080. ఇప్పుడు బోరాన్, కార్బన్, నైట్రోజన్ చుక్కల మీద స్కేలు పెట్టు. మూడూ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. నైట్రోజన్ నిజంగా ప్రత్యేకంగా స్థిరమైతే అదొక్కటే గీత మీద నుంచి బాగా పైకి లేవాలి కదా? లేవదు.

అదే గీతను ముందుకు పొడిగిస్తే ఆక్సిజన్ 1700 దాటి ఉండాలి. ఉన్నది 1314. అంటే దాదాపు 400 తక్కువ. అక్కడి నుంచి ఫ్లోరిన్, నియాన్ మళ్లీ చక్కగా ఎక్కుతాయి, కాకపోతే గీత మొత్తం కిందకు జరిగి ఉంటుంది. కాబట్టి నోట్స్‌లో "నైట్రోజన్ ఎక్కువ" అని కాకుండా "ఆక్సిజన్ నుంచి గీత కిందకు దిగింది" అని రాసుకో. కారణం కూడా అక్కడే దొరుకుతుంది. ఆక్సిజన్‌లో నాలుగో p ఎలక్ట్రాన్‌కు ఖాళీ ఆర్బిటాల్ లేదు, అప్పటికే ఒకటి ఉన్న దాంట్లోనే దూరాలి. ఒకే ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందువల్ల ఒకదాన్ని బయటకు లాగడం తేలిక.

చిత్తూరు_రాధిక
మా వాడు కూడా ఫస్టియరే. ఒక పుస్తకంలో బెరీలియం 899, ఇంకోదాంట్లో 900, మరోచోట 9.3 అని ఉందట. ఏది బట్టీ పట్టాలో తెలియక తల పట్టుకున్నాడు. మొత్తం పట్టిక గుర్తుండటానికి ఏదైనా పాట ఉంటే పెట్టండి ప్లీజ్.

పాత_ల్యాబ్_కోటు
రాధిక గారూ, పాట సంగతి నాకు తెలీదు. 899, 900 ఒకటే, సవరించడంలో వచ్చిన తేడా. 9.3 ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంది, దాన్ని 96.5తో గుణిస్తే 900కు దగ్గరగా వస్తుంది. విలువలు బట్టీ పట్టక్కర్లేదు, ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న వరస తెలిస్తే చాలు. ఒకే గ్రాఫ్‌లో రెండు పుస్తకాల విలువలు కలపొద్దని మాత్రం చెప్పండి.

పుత్తూరు_ఫస్టియర్
గీత గీశాను, నిజంగానే మూడూ ఒక వరసలో వచ్చాయి. మరి బెరీలియం, బోరాన్ దగ్గర? అక్కడ తోసుకోవడం లేదు కదా.

పాత_ల్యాబ్_కోటు
లేదు. అందుకే ఆ రెండు మినహాయింపుల్నీ ఒకే వాక్యంలో కట్టేయకూడదు. బెరీలియంలో బయటకు వచ్చేది 2s ఎలక్ట్రాన్, బోరాన్‌లో 2p. s ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గరి దాకా చొచ్చుకుపోతుంది, p అంతగా పోలేదు. పైగా లోపలి ఎలక్ట్రాన్లతో పాటు ఆ రెండు 2s ఎలక్ట్రాన్లు కూడా దానికి కొంత అడ్డుగా నిలుస్తాయి. కేంద్రకంలో ఒక ప్రోటాన్ పెరిగినా ఈ నష్టం పూడదు. నోట్స్‌లో "ఎలక్ట్రాన్ ఇల్లు మారింది" అని మూడు మాటలు రాసుకున్నా నీకు అర్థమవుతుంది. ఆక్సిజన్ దగ్గర ఇల్లు అదే, గదిలో ఇద్దరయ్యారు.

కాళహస్తి_సాయంత్రం
పాత ల్యాబ్ కోటు గారూ, ఒక చిన్న అభ్యంతరం. ఆక్సిజన్ దగ్గర అంతా తోపులాటే అంటే నేను ఒప్పుకోను. ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల మధ్య ఎక్స్చేంజ్ శక్తి లెక్క వేయండి. ఒక్కో p ఎలక్ట్రాన్‌ను తీసినప్పుడు పోయే జతలు బోరాన్ నుంచి వరసగా 0, 1, 2. తర్వాత ఆక్సిజన్ నుంచి మళ్లీ 0, 1, 2. మీరు చెప్పిన విరిగిన గీత దీంతోనూ వస్తుంది. అప్పుడు "సగం నిండింది" అన్న తేజ మాటలోనూ పస ఉన్నట్టేగా.

పాత_ల్యాబ్_కోటు
లెక్క కరెక్టే. రెండింటి వాటా ఉంది, గ్రాఫ్ చూసి ఏది ఎంతో విడదీయలేం. ఇంటర్ నోట్స్‌లో రెండూ చెరొక ముక్క రాసుకుంటే నష్టం లేదు.

తిరుచానూరు_తేజ
సరే, నా రెండు లైన్లు ఎక్కడైనా తప్పుతాయా? అది చెప్పండి ముందు.

పాత_ల్యాబ్_కోటు
రెండో అయనీకరణ శక్తి దగ్గర చాలామంది తప్పేది అక్కడే. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ ఇచ్చి వరస అడుగుతారు. "నైట్రోజన్ సగం నిండింది" అని గుర్తుపెట్టుకున్నవాడు దాన్ని ఆక్సిజన్ పైన పెట్టేస్తాడు. కానీ ఒక ఎలక్ట్రాన్ ఇదివరకే పోయింది. ఇప్పుడు 2p³ ఉన్నది O⁺లో, జత పడి ఉన్నది F⁺లో. విలువలు చూడు: కార్బన్ 2353, నైట్రోజన్ 2856, ఆక్సిజన్ 3388, ఫ్లోరిన్ 3374. తగ్గుదల ఒక గడి కుడికి జరిగింది. బోరాన్, కార్బన్ దగ్గరా అంతే, 2427 తర్వాత 2353.

పుత్తూరు తమ్ముడూ, నీ కార్డు ఇలా ఉంటే చాలు:

```
N→O : 1402 → 1314
మారింది  : p లో మొదటి జత (p3 → p4)
కారణం   : తోపులాట + ఎక్స్చేంజ్ లాభం లేదు
పరీక్ష    : రెండో IE లో O > F (3388, 3374)
```

నాలుగో లైను లేకపోతే అది బట్టీ కార్డే. ఆ కారణం వేరే చోట ఏం జరుగుతుందో ముందే చెప్పగలగాలి. చెప్పలేకపోతే కారణం తప్పు, లేదా సగమే రాశావు.

పుత్తూరు_ఫస్టియర్
మూడో పీరియడ్‌తో పరీక్షించా. ఫాస్ఫరస్ 1011, సల్ఫర్ 999. పన్నెండే తగ్గింది! కారణం అదే అయితే ఇంత తక్కువేంటి?

పాత_ల్యాబ్_కోటు
పక్క పక్క విలువలు తీసేస్తే అలాగే మోసపోతాం. ఇక్కడా గీతే పెట్టు. అల్యూమినియం 577, సిలికాన్ 786, ఫాస్ఫరస్ 1011. పొడిగిస్తే సల్ఫర్ 1236 దగ్గర ఉండాలి. 999 ఉంది, అంటే లోటు 12 కాదు, దాదాపు 240. రెండో పీరియడ్‌లో 400 ఉన్నది 240కి తగ్గడానికి కారణం 3p ఆర్బిటాల్ పెద్దది కావడం. గది విశాలమైతే ఇద్దరున్నా ఒరుసుకోవడం తక్కువ. ఆక్సిజన్ కార్డు వెనకే ఇది రాసుకో, వేరే కార్డు వద్దు.

కాళహస్తి_సాయంత్రం
గాలియం కూడా అదే పేజీలో పడుతుందా? గ్రూపులో కిందకు వెళ్తే తగ్గాలి, కానీ అల్యూమినియం 577, గాలియం 579.

పాత_ల్యాబ్_కోటు
పేజీ అదే, కార్డు వేరు. మధ్యలో పది 3d ఎలక్ట్రాన్లు వచ్చాయి, అవి కేంద్రకాన్ని సరిగా కప్పవు. పరీక్ష లైనుగా పరమాణు వ్యాసార్థం రాసుకోవచ్చు: అల్యూమినియం 143 పికోమీటర్లు, గాలియం 135.

పుత్తూరు_ఫస్టియర్
అలాగైతే ఇండియం 558కి తగ్గి, థాలియం 589కి మళ్లీ ఎందుకు ఎక్కింది? అది కూడా d వల్లేనా?

తిరుచానూరు_తేజ
f అనుకుంటా. 4f పద్నాలుగు.

కాళహస్తి_సాయంత్రం
f ఒక్కటే అని రాసుకోకు. అంత బరువైన కేంద్రకం దగ్గర సాపేక్షతా ప్రభావం కూడా వస్తుంది, దానికి నాలుగు లైన్లు చాలవు.